నోటీసు కన్నా ముందు నాన్నకు చెప్పు

అమ్మా శ్రావణీ,

అబ్బాయి క్రైస్తవుడని ఇంట్లో చెప్పకుండానే వచ్చే వారం పెళ్లి నోటీసు ఇచ్చేస్తామన్నావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసిన బాబాయిగా చెబుతున్నాను, ఆ కాగితం కొంచెం ఆపు. పెళ్లి మానమనడం లేదు.

మతాలు వేరైనా ఎవరూ మారక్కర్లేకుండా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. (మీ అక్కది కులం తేడా మాత్రమే, ఇద్దరూ హిందువులే. అందుకే గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకుంది, ఈ నోటీసు గొడవే లేదు.) నోటీసుకి ముందు మీలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉండాలి. నువ్వు హైదరాబాద్ హాస్టల్లో ఏడాదిగా ఉంటున్నావు కాబట్టి అక్కడే ఇవ్వొచ్చు. కానీ నీ శాశ్వత చిరునామా మన ఊరు. నోటీసు నకలు ఇక్కడి ఆఫీసుకీ వస్తుంది, గోడకి అంటిస్తారు. ఆ గోడ పక్కనే దస్తావేజు లేఖరులు రోజంతా కూర్చుంటారు. అలాంటిదొకటి ఒకసారి పొద్దున నేనే అంటించాను. మధ్యాహ్నానికి పిల్ల తండ్రి పొలం నుంచి బురద కాళ్లతో వచ్చి నిలబడ్డాడు. "ఊరంతా చదివాక నాకు తెలిసిందయ్యా" అన్నాడు. పెళ్లి మాట అసలు ఎత్తనే లేదు.

అందుకే ముందు మీ నాన్నకు నువ్వే చెప్పు. అరుస్తాడు, ఆదివారమే పెళ్లిచూపులంటాడు. ఆ రాత్రి దేనికీ ఒప్పుకోకు, తెగతెంపులూ చేసుకోకు. "నెలాగి మళ్లీ మాట్లాడుకుందాం నాన్నా" అని ఆగు. అబ్బాయి మతం మారితే సరేనని మనవాళ్లంటారు, అబ్బాయి వాళ్లు నిన్ను బాప్తిస్మం తీసుకోమంటారు. ఆ మాట మాత్రం మీరిద్దరూ ముందే తేల్చుకోండి.

తర్వాత నోటీసు. జూన్ 5న ఇచ్చారనుకో, 30 రోజులు గడిచాక, సెప్టెంబర్ 5 దాటకుండా ఎప్పుడైనా ముగ్గురు సాక్షులతో చేసుకోవచ్చు. మూడు నెలలు దాటితే మళ్లీ కొత్త నోటీసే. అంటే ముప్పయ్యో రోజునే పరుగెత్తక్కర్లేదు, మీ అమ్మ మెత్తబడేందుకు ఇంకో రెండు నెలలుంటాయి. ఎవరైనా అభ్యంతరం పెట్టినా వయసు, ఇప్పటికే పెళ్లయి ఉండటం, దగ్గరి చుట్టరికం, మానసిక స్థితి లాంటివే చెల్లుతాయి. తల్లిదండ్రులకు ఇష్టం లేదన్నది అందులో లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగొద్దు. ఫోన్ లాక్కున్నా, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసినా, ఉద్యోగం మానేయమన్నా అది కోపం కాదు, కట్టడి. సర్టిఫికెట్లు, ఆధార్ ఇప్పుడే హాస్టల్‌కి తెచ్చేసుకో. "నానమ్మకు సీరియస్, వెంటనే రా" అని ఫోన్ వస్తే ముందు నాకు చెయ్యి, నేను వెళ్లి చూసి చెబుతాను. బెదిరింపుల దాకా వస్తే పోలీసు కమిషనర్ ఆఫీసులో ఇద్దరూ రాసివ్వండి. ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

నాన్నతో మాట్లాడే రోజు ముందుగా చెప్పు. ఆ సాయంత్రం ఏదో పనున్నట్టు మీ ఇంటికొచ్చి కూర్చుంటాను.

మీ బాబాయి