రెండు టైములతో ప్రవాహ వేగం: ఆ సగం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: "6 కి.మీ. దూరం బోటు ప్రవాహం వెంట 30 నిమిషాల్లో వెళ్లింది, ఎదురు 45 నిమిషాల్లో తిరిగొచ్చింది. వేగాలు 12, 8 వచ్చాయి, తేడా 4. కీలో మాత్రం ప్రవాహ వేగం 2 అని ఉంది. సగం ఎందుకు చేయాలి? ఇంకో లెక్కలో టైములు ఇచ్చి దూరమే ఇవ్వలేదు, అదెలా? అసలు నిజం నదిలో ఇలా కొలిస్తే సరిగ్గా వస్తుందా? నల్గొండలో గ్రూప్స్‌కు చదువుతున్నాను."

జవాబు:

నేను మహబూబ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు లెక్కలు చెబుతాను. మా అమ్మమ్మ వాళ్లది కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఊరు. మామ చాలా ఏళ్లు అక్కడ మరబోటు నడిపాడు. మీ మూడో ప్రశ్నకు జవాబు నేను ఆయన బోటులోనే నేర్చుకున్నాను. ముందు మొదటి రెండూ చూద్దాం.

బోటు నడి ఏట్లో ఉండగా ఇంజన్ ఆపేశారనుకోండి. అది నిలబడదు, నీళ్లతో పాటే కిందికి కొట్టుకుపోతుంది. ఆ కొట్టుకుపోయే వేగమే ప్రవాహ వేగం. ఇప్పుడు ఇంజన్ వేసి వాలుకు పోతే ఇంజన్ వేగానికి నీళ్ల వేగం కలుస్తుంది, మీ లెక్కలో అది 12. ఎదురుకు తిప్పితే ఇంజన్ వేగంలోంచి అదే నీళ్ల వేగం పోతుంది, మిగిలింది 8. అంటే ఇంజన్ సొంత వేగం 12కీ 8కీ సరిగ్గా మధ్యలో ఉంది. 12 నుంచి మధ్యకు దిగితే నీళ్ల వేగం ఒకసారి పోయింది, మధ్య నుంచి 8కి దిగితే ఇంకోసారి పోయింది. మీరు తీసిన 4లో నీళ్లు రెండుసార్లు ఉన్నాయి, అందుకే సగం. బోటు సొంత వేగం 10, ప్రవాహం 2.

ఇక్కడే చాలామంది చేసే ఒక తప్పు గురించి చెప్పాలి. వేగాలకు బదులు టైములకు సగటు తీస్తారు. 30, 45 సగటు 37 నిమిషాల 30 సెకన్లు. నిశ్చల నీటిలో 6 కి.మీ. పోవడానికి అంతే పడుతుందని రాస్తారు. కాదు, గంటకు 10 కి.మీ. చొప్పున 36 నిమిషాలే పడుతుంది. రానుపోను చూస్తే చెరువులో 72 నిమిషాలు, ఏట్లో 75. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది కదా, లెక్క సమానం కావాలి కదా అనిపిస్తుంది. కానీ ప్రవాహం మనకు సాయం చేసింది 30 నిమిషాలే, అడ్డుపడింది 45 నిమిషాలు. అడ్డుపడే టైమే ఎప్పుడూ ఎక్కువ, కాబట్టి ఏట్లో రానుపోను ఎప్పుడూ నష్టమే. సగటు తీయాలంటే వేగాలకు తీయాలి, టైములకు కాదు.

దూరం ఇవ్వని లెక్కకు వద్దాం. దూరం తెలియకపోయినా, పోయిన దూరమూ వచ్చిన దూరమూ ఒకటే అని తెలుసు. కాబట్టి వేగాల నిష్పత్తి టైముల నిష్పత్తికి తలకిందులు. టైములు 30, 45 అయితే వేగాలు 45కు 30, అంటే 3కు 2. వాలుకు 3 భాగాలు, ఎదురుకు 2 భాగాలు అనుకోండి. బోటు రెండున్నర భాగాలు, ప్రవాహం అర భాగం. బోటు వేగం ప్రవాహానికి 5 రెట్లు. దీన్నే త్వరగా చేయాలంటే టైముల మొత్తాన్ని టైముల తేడాతో భాగించండి: 75 ÷ 15 = 5.

గంటకు ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే మాత్రం దూరమో, ఏదో ఒక వేగమో ఇచ్చి తీరాలి. టైముల్లోంచి కిలోమీటర్లు పుట్టవు. కానీ ఆ లెక్కలో ఎక్కువగా అడిగేది వేగం కాదు, ఇంకో టైము. దానికి దూరం అక్కర్లేదు. దూరం 3 × 30 = 90 భాగాలు. నిశ్చల నీటిలో 90ని రెండున్నరతో భాగిస్తే 36 నిమిషాలు. ఇంజన్ చెడిపోయి ఊరికే కొట్టుకుపోతే 90ని అరతో భాగించాలి, 180 నిమిషాలు. మీ 6 కి.మీ. లెక్కతో సరిచూసుకోండి, గంటకు 2 కి.మీ. చొప్పున మూడు గంటలే.

ఇక నిజం నది. ఒక ఏడాది వానాకాలం మొదట్లో, పైన జూరాల నుంచి నీళ్లు రావడం మొదలై, కింద శ్రీశైలం ఇంకా నిండని రోజుల్లో నేను ఊరికి వెళ్లాను. అప్పుడే ఈ పాఠం కొత్తగా చెబుతున్నాను, నిజంగా కొలిచి చూడాలని గట్టిగా ఉండేది. రెండు రేవుల మధ్య దూరం ఫోన్ జీపీఎస్‌లో 3 కి.మీ. వచ్చింది. ఇంజన్ స్పీడు మార్చొద్దని మామను బతిమాలాను. వాలుకు 18 నిమిషాలు, ఎదురుకు 24 నిమిషాలు పట్టింది. వేగాలు 10, ఏడున్నర. తేడా రెండున్నర, సగం చేస్తే ప్రవాహం గంటకు 1.25 కి.మీ., బోటు 8.75.

అంతటితో ఆగిపోతే బాగానే ఉండేది, కానీ సరిచూడాలనిపించింది. గట్టు మీద టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతాం. బోటులో నడి ఏట్లోకి పోయి, పై కర్రకు కొంచెం ఎగువన ఒక కొబ్బరికాయ వదిలాం. ఖాళీ సీసా వద్దు, దాన్ని నీళ్ల కంటే గాలి ఎక్కువ తోస్తుంది. కొబ్బరికాయ చాలావరకు మునిగి ఉంటుంది కాబట్టి నీళ్లతోనే పోతుంది. అది కర్ర నుంచి కర్రకు పోవడానికి 3 నిమిషాల 30 సెకన్లు పట్టింది. 210 సెకన్లలో 100 మీటర్లంటే గంటకు దాదాపు 1.7 కి.మీ. నా లెక్క 1.25 కదా, ఇంత తేడా ఎక్కడిది? జీపీఎస్ మీద అనుమానపడ్డాను, టైము మీద అనుమానపడ్డాను. మళ్లీ వదిలాం, మళ్లీ అంతే.

మామ నా నోట్‌బుక్ చూసి నవ్వలేదు, నా ముఖం చూసి అడిగాడు: "నువ్వు నడి ఏట్ల కాయ వదిలినవ్. మనం వచ్చింది నడి ఏట్లనా?"

కాదు. పోయేటప్పుడు నడి ఏట్లో పోయాం. వచ్చేటప్పుడు ఆయన గట్టు పక్కనే తెచ్చాడు. నేను గమనించనే లేదు. "నడి ఏట్ల ఎదురు వస్తే డీజిల్ ఊకె తాగుతది, గట్టుకు నీళ్లు మెత్తగుంటయ్" అన్నాడు. గట్టు దగ్గర లోతు తక్కువ, అడుగూ ఒడ్డూ నీళ్లను పట్టి ఆపుతాయి, అందుకే అక్కడ ప్రవాహం నెమ్మది. బోటు నడిపేవాళ్లకు ఇది చెప్పాల్సిన విషయమే కాదు, వాళ్ల చేతికే తెలుసు. పుస్తకం లెక్క మాత్రం ఏరంతా ఒకే వేగంతో పారుతుందని ముందే అనేసుకుంటుంది.

అప్పుడు లెక్క మళ్లీ వేశాను. వాలుకు వచ్చిన 10లో నడి ఏటి వేగం 1.7 ఉంది, తీసేస్తే బోటు సొంత వేగం 8.3. ఎదురుకు ఏడున్నరే వచ్చిందంటే గట్టు దగ్గర నీళ్లు ఆపింది 0.8. అలా ఉండాలి అనుకుని, ఈసారి గట్టు పక్క బోటు వచ్చిన దారిలోనే కాయ వదిలాం. 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది. గంటకు 0.78 కి.మీ. ఆ క్షణం నాకు ఎంత ఆనందం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: సగం తీసే సూత్రం నదిలో కూడా అబద్ధం చెప్పదు, కానీ అది ఇచ్చేది పోయిన దారిలోని ప్రవాహానికీ, వచ్చిన దారిలోని ప్రవాహానికీ సగటు. 1.7, 0.8 సగటు 1.25, నాకు మొదట వచ్చింది అదే. బోటు వేగం మాత్రం 8.3 ఉండాల్సింది 8.75గా కనిపించింది, ఎందుకంటే బోటు తెలివిగా వచ్చిన లాభం ఇంజన్ ఖాతాలో పడింది. రెండు టైములు ఎంత కచ్చితంగా కొలిచినా, వాటిలో ఈ సంగతి కనపడదు. రెండువైపులా నడి ఏట్లోనే నడిపించాలి, లేదంటే కాయ వేసి చూసుకోవాలి.

ఇంకొకటి. ప్రవాహ వేగం రెండు పెద్ద అంకెల తేడాలోంచి వస్తుంది కాబట్టి చిన్న పొరపాటు కూడా దాని మీద గట్టిగా పడుతుంది. నా 24 నిమిషాలు పొరపాటున 25 అని రాసుకుంటే వేగం 7.2 అవుతుంది, ప్రవాహం 1.25 నుంచి 1.4కు పోతుంది. అదే పొరపాటుకు బోటు వేగం కూడా అంతే కదిలి 8.75 నుంచి 8.6 అవుతుంది, కానీ అంత పెద్ద అంకెలో అది చిన్న తేడానే. అందుకే దూరం ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మంచిది, రేవు దగ్గర తిప్పుకునే టైము కలపకూడదు, రెండు ప్రయాణాలూ వెంట వెంటనే అయిపోవాలి. పైన గేట్లు మారితే మధ్యలోనే ప్రవాహం మారిపోతుంది.

మీరు నల్గొండ అన్నారు కాబట్టి చెబుతున్నాను, నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీలో ఇది ప్రయత్నించకండి. అది డ్యాం ఆపిన నీళ్లలో నడుస్తుంది, చెప్పుకోదగ్గ ప్రవాహం ఉండదు. పోయే టైముకూ వచ్చే టైముకూ తేడా కనపడితే అది గాలిదో, రేవు దగ్గర నెమ్మదిగా ఆపడానిదో అవుతుంది. మామ ఊరి దగ్గర కూడా శ్రీశైలం 885 అడుగులకు నిండినప్పుడు నీళ్లు చెరువులా నిలబడతాయి. ఆ నెలల్లో ఆయన ఎదురు వచ్చేటప్పుడు గట్టు పట్టేవాడు కాదు, నడి ఏట్లోంచే తిన్నగా వచ్చేసేవాడు.