ఎనభై శాతం గేర్‌బాక్స్ దాటాక తొంభై ఒకటి ఎలా మిగులుతుంది?

ప్రశ్న: సార్, మాది కూకట్‌పల్లి. ఈ ఏడాది మెకానికల్ బీటెక్ పూర్తి చేశాను. జీడిమెట్లలో ఒక కంపెనీ మెయింటెనెన్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. మోటారు 90 శాతం, బెల్టు 95, వర్మ్ గేర్‌బాక్స్ 80, కప్లింగ్ 99 శాతం దక్షతతో పనిచేస్తున్నాయి, మోటారు 10 కిలోవాట్లు తీసుకుంటే కన్వేయర్‌కు ఎంత చేరుతుందని అడిగారు. నాలుగింటి సగటు తీసి 91 శాతం, అంటే 9.1 కిలోవాట్లు అన్నాను. ఆయన నవ్వి కాగితం మడిచేశారు. ఇప్పుడు ఇంట్లో మెకానికల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కాగితం సంగతి తేలుద్దాం, కోర్సు సంగతి తర్వాత.

ఆయన నవ్వింది మీకు సూత్రం గుర్తులేదని కాకపోవచ్చు. మీ జవాబును మీరే ఒకసారి తేరిపార చూసుకోలేదని నవ్వి ఉంటారు. శక్తి మొత్తం ఆ గేర్‌బాక్స్ గుండానే వెళ్లాలి, వేరే దారి లేదు. అక్కడే ఐదో వంతు పోతుంటే, అవతల 91 శాతం మిగలడం ఎలా సాధ్యం? ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న అమరికలో మొత్తం దక్షత, అందులో అన్నిటికన్నా తక్కువ దక్షత ఉన్న దానికంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఇక్కడ 80కి పైన ఏ అంకె వచ్చినా, లెక్క మళ్లీ చేయనక్కర్లేకుండానే తప్పని చెప్పవచ్చు.

మరికొందరు ఇంకో దారి పడతారు. 10, 5, 20, 1 శాతాల నష్టాలను కూడి 36 అని, 64 శాతం చేరుతుందంటారు. అదీ తప్పే, కాకపోతే కాస్త దగ్గరి తప్పు. బోయినపల్లి మార్కెట్‌కు వచ్చిన సరుకు నలుగురి చేతులు మారిందనుకోండి. రెండోవాడు తన వాటా తీసుకునేది తన చేతికొచ్చిన దాంట్లోంచే గాని, లారీలోంచి దిగిన మొత్తంలోంచి కాదు. శక్తి కూడా అంతే. అందుకే దక్షతలను గుణించాలి:

0.90 × 0.95 × 0.80 × 0.99 = 0.677

అంటే 6.77 కిలోవాట్లు. ఇంటర్వ్యూలో ఇంతటితో ఆపినా మార్కులు పడేవి. కానీ ఈ ఒక్క అంకెతో ప్లాంటులో ఎవరికీ పనిలేదు. పోయిన 3.23 కిలోవాట్లు ఎక్కడెక్కడ పోయాయన్నదే వాళ్లకు కావాలి. అందుకని మెట్టుమెట్టుగా దిగండి. మోటారు 10 తీసుకుని 9 ఇస్తుంది, ఒకటి పోయింది. బెల్టు దాటేసరికి 8.55, ఇక్కడ పోయింది 0.45. గేర్‌బాక్స్ దాటేసరికి 6.84, అంటే ఏకంగా 1.71 కిలోవాట్లు మాయం. కప్లింగ్ దగ్గర పోయేది 0.07 మాత్రమే. నాలుగూ కూడితే 3.23 వస్తుంది. కూడిక సరిపోయిందో లేదో చూసుకోవడం మరచిపోకండి, తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆ 1.71 కిలోవాట్లు దాదాపుగా వేడి అవుతాయి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె సుమారు ఒక కిలోవాటు. దాదాపు రెండు ఇస్త్రీ పెట్టెలను ఆ పోత ఇనుప డబ్బాలో పెట్టి రోజంతా వేడి చేస్తున్నట్టు. పాత ఫిట్టర్లు వర్మ్ గేర్‌బాక్స్ దగ్గరికి వెళ్లగానే ముందు దాని ఒంటి మీద నీటి చుక్క చిలకరించి చూసేది ఇందుకే. వర్మ్‌లో పళ్లు దొర్లడం కన్నా రాసుకుంటూ జారడం ఎక్కువ. ఆ రాపిడే వేడి. తగ్గింపు నిష్పత్తి పెరిగేకొద్దీ దక్షత ఇంకా పడిపోతుంది. 20కి ఒకటి తగ్గించే వర్మ్ 80 శాతం ఇస్తే, 60కి ఒకటి తగ్గించేది 60, 70 మధ్యకు దిగడం మామూలే. కాబట్టి గేర్‌బాక్స్ దక్షత ఎంత అని ఎవరైనా అడిగితే, అది ఏ రకం, నిష్పత్తి ఎంత అని తిరిగి అడగండి. ఆ ఎదురు ప్రశ్నకే సగం ఉద్యోగం వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు మలుపు. యజమాని వచ్చి కరెంటు బిల్లు తగ్గించమన్నాడనుకోండి. కన్వేయర్‌కు మునుపటిలాగే 6.77 కిలోవాట్లు చేరాలి. ఏది మార్చాలి? కప్లింగ్‌ను ఏ నష్టమూ లేనిదిగా ఊహించుకున్నా మిగిలేది 0.1 కిలోవాటు. వీ-బెల్టు తీసి 98 శాతం ఇచ్చే పళ్ల బెల్టు వేస్తే 0.3. మోటారు 90 నుంచి 92కు మారిస్తే 0.2 పైచిలుకు. అదే వర్మ్ స్థానంలో 95 శాతం ఇచ్చే హెలికల్-బెవెల్ గేర్‌బాక్స్ పెడితే మొత్తం దక్షత 0.804కు ఎక్కుతుంది, మోటారు 8.42 కిలోవాట్లు తీసుకుంటే చాలు. ఆదా 1.58. రోజుకు 16 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు నడిస్తే 4,800 గంటలు, అంటే దాదాపు 7,580 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే సుమారు 60 వేల రూపాయలు. గేర్‌బాక్స్ ధర పక్కన ఈ అంకె పెట్టి చూపిస్తే యజమాని తనే నిర్ణయించుకుంటాడు.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజుల్లో, నగర శివార్లలో ఒక దాణా కర్మాగారంలో ఇలాంటి లెక్కే వేసి, మొక్కజొన్న పైకి ఎక్కించే ఏటవాలు కన్వేయర్‌కు తగ్గింపు నిష్పత్తి బాగా ఎక్కువున్న వర్మ్ తీయించి హెలికల్ పెట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నిండా లోడుతో ఉన్న బెల్టు ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా వెనక్కి కదిలి, చూస్తుండగానే వేగం అందుకుంది. కింద టెయిల్ పుల్లీ దగ్గర మొక్కజొన్న మోకాలెత్తు గుట్ట పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది నా అదృష్టం. ఆ పాత వర్మ్ తన రాపిడితోనే బెల్టు వెనక్కి జారకుండా ఇన్నాళ్లూ పట్టి ఉంచింది. ఆ రాపిడిని నేను నష్టం కింద రాసి కొట్టేశాను, అది చేస్తున్న పని ఏమిటో చూడలేదు. ఏటవాలు కన్వేయర్‌కు హెలికల్ పెడితే వెనక్కి తిరగకుండా బ్యాక్‌స్టాప్ తప్పనిసరి. ఆ మాటకొస్తే వర్మ్ ఉన్నా దాన్నే నమ్ముకోకూడదు. అరిగి, నూనె వేడెక్కి, యంత్రం అదురుతుంటే వర్మ్ కూడా జారుతుంది.

పుస్తకంలో ఇచ్చిన శాతాలు ప్లాంటులో యథాతథంగా దొరకవని కూడా తెలిసి ఉండాలి. గేర్‌బాక్స్ నూనెను చిలకడానికి, సీళ్ల ఒరిపిడికి ఖర్చయ్యే శక్తి లోడు సగానికి తగ్గినంత మాత్రాన సగానికి తగ్గదు. కాబట్టి సగం లోడులో దక్షత పడిపోతుంది. మోటారుదీ అదే కథ, నాలుగింట మూడు వంతులకు అటూఇటూ లోడులో బాగా పనిచేస్తుంది, బాగా తక్కువ లోడులో దిగజారుతుంది. ఇక బెల్టు. దాని నష్టంలో ఒక భాగం కొలవడం తేలిక. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతూ, అది తిప్పే పుల్లీ మోటారు పుల్లీకి రెట్టింపు వ్యాసంతో ఉంటే 720 రావాలి. టాకోమీటర్‌లో 700 కనిపిస్తే దాదాపు 3 శాతం జారుడులోనే పోతోంది, బిగువు చూడాల్సిందే. గేర్‌బాక్స్‌లో ఇలా వేగం కొలిచి నష్టం పట్టలేరు. పళ్లు పళ్లలో ఇరుక్కుని ఉంటాయి కనుక వేగం లెక్క ప్రకారమే వస్తుంది, తగ్గేది టార్క్.

మీరు ఈసారి ఎదుర్కోబోయే మరో రెండు ఉచ్చులు ఉన్నాయి. మోటారు నేమ్‌ప్లేట్ మీద 11 కిలోవాట్లు అని ఉంటే అది షాఫ్ట్ దగ్గర ఇచ్చే శక్తి, కరెంటు లైనులోంచి లాగేది కాదు. 90 శాతం మోటారు పూర్తి లోడులో లాగేది 12.2. కాబట్టి 11 నుంచి మొదలుపెడితే మోటారు దక్షతతో మళ్లీ గుణించకండి. రెండోది క్లాంప్ మీటర్ ఉచ్చు. 415 వోల్టుల మూడు ఫేజుల లైనులో 16.8 ఆంపియర్లు చూపిస్తే, √3 × 415 × 16.8 అని గుణించి 12 కిలోవాట్లు అనేస్తారు చాలామంది. పవర్ ఫ్యాక్టర్ 0.83 అయితే నిజంగా తీసుకుంటున్నది 10 మాత్రమే. ఆ రెండు కిలోవాట్ల తేడాను లేని నష్టంగా గేర్‌బాక్స్ మీదకు నెట్టిన వాళ్లను నేను చూశాను.

కోర్సు సంగతికొస్తే, ఒక్క కాగితం మీద పొరపాటును చూసి నాలుగేళ్ల చదువును వదిలేయమనడం నాకు నచ్చదు. సాఫ్ట్‌వేర్ మీద నిజంగా మనసుంటే ఆ మాట వేరు, అప్పుడు నిరభ్యంతరంగా వెళ్లండి. లేదంటే డబ్బు కట్టేముందు రెండు వారాలు నాకివ్వండి. మొదట మీ వీధిలో పిండి గిర్నీకి వెళ్లి, యజమాని అనుమతి తీసుకుని, మోటారు ఆపి ఉన్నప్పుడు మాత్రమే నేమ్‌ప్లేట్ చదవండి, రెండు పుల్లీల వ్యాసాలు కొలవండి. తిరిగే బెల్టు దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. గిర్నీ వైపు పుల్లీ ఎన్ని చుట్లు తిరగాలో ఇంటికొచ్చి లెక్కగట్టండి. ఆ తర్వాత బాలానగర్ లేదా జీడిమెట్లలో తెలిసినవారి ద్వారా ఒక చిన్న యూనిట్‌లో ఏదో ఒక కన్వేయర్ లేదా మిక్సర్ చూసి, మోటారు నుంచి చివరి షాఫ్ట్ వరకు ఏమేమి ఉన్నాయో కాగితం మీద గీసి, ఒక్కోదాని పక్కన కిలోవాట్లు రాయండి. ఎక్కడ ఎక్కువ పోతోందో గుండ్రంగా చుట్టండి. ఆ కాగితం పట్టుకుని తర్వాతి ఇంటర్వ్యూకు వెళ్లండి.

ఆ రెండు వారాలూ మీకు విసుగనిపిస్తే మీ ఇంట్లోవాళ్ల మాట వినండి. లేకపోతే ఈ ఉద్యోగంలోనే ముందుకు వెళ్లే దారి ఒకటుంది. కొన్నేళ్ల ప్లాంటు అనుభవం తర్వాత కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ తరఫున జరిగే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయవచ్చు. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద ఎక్కువ ఇంధనం వాడే పరిశ్రమలు ఆడిట్ చేయించుకోవాలి. అక్కడికి మీటరు పట్టుకుని వెళ్లేవారు చేసేది, మీ కాగితం మీద ఆయన అడిగిన లెక్కే. కాకపోతే అంకెలు ఎవరూ ఇవ్వరు, మీరే కొలిచి తెచ్చుకోవాలి.