ఐలయ్య, ఇలయ్య, ఎల్లయ్య... ముగ్గురూ మా బాపే అని ఎలా రుజువు చేయాలి?

ప్రశ్న: మాది వర్ధన్నపేట మండలం. మా బాపు సర్కారు బడిలో అటెండర్. సర్వీసులో ఉండగానే నాలుగు నెలల కింద వరంగల్ ఆసుపత్రిలో చనిపోయాడు. సర్వీస్ రిజిస్టర్‌లో Ailaiah, ఆధార్‌లో Ilaiah, డెత్ సర్టిఫికెట్‌లో Yellaiah అని ఉంది. మీసేవలో లీగల్ హెయిర్ సర్టిఫికెట్‌కు పెడితే పేరు తేడా ఉందని వాపసు పంపారు. గెజిట్‌లో పేరు మార్పించమని ఒకరు, కోర్టుకు పొమ్మని ఇంకొకరు అంటున్నారు. అమ్మకు పింఛను రావాలి, నాకు ఉద్యోగం సంగతీ ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: గెజిట్ మాట ముందు మర్చిపోండి. అది బతికున్న మనిషి తన పేరు తాను మార్చుకునే పద్ధతి. చనిపోయిన వ్యక్తి పేరును ఆయన తరఫున ఇంకొకరు మార్చలేరు. ఆధార్ కూడా అంతే, సవరణ ఆ మనిషే చేయించుకోవాలి. కాబట్టి అన్ని కాగితాల్లో పేరు ఒకేలా చేయాలని తిరగకండి. మీ చేతిలో సరిచేయదగ్గ కాగితం ఒక్కటే ఉంది, అది డెత్ సర్టిఫికెట్. మిగతా వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచి, అవన్నీ ఒకే మనిషివని చూపిస్తే సరిపోతుంది.

మీ మూడు పేర్లలో తేడా ఒక రకమైనది కాదు. ఐనవోలు మల్లన్నను మన దగ్గర ఐలోని మల్లన్న అంటాం. ఆయన పేరు మీద పెట్టుకునేదే ఐలయ్య. దాన్ని ఇంగ్లిష్‌లో Ailaiah అని రాసినా, Ilaiah అని రాసినా పేరు ఒక్కటే, అది స్పెల్లింగ్ తేడా. ఎల్లయ్య అలా కాదు. ఎల్లమ్మ తల్లి పేరు మీద పెట్టే వేరే పేరు అది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఐలయ్య, ఎల్లయ్య అని ఇద్దరు అన్నదమ్ములు ఉండటం మీకూ తెలిసే ఉంటుంది. తహసీల్దార్ కార్యాలయం భయమంతా అక్కడే. చనిపోయింది ఒకరు, పింఛను అడిగేది ఇంకొకరి పేరు మీద అయితే సంతకం పెట్టిన అధికారి ఇరుక్కుంటాడు. మీ దరఖాస్తు వాపసు రావడానికి అసలు కారణం ఈ ఎల్లయ్యే అయి ఉంటుంది.

అందుకే మొదటి పని డెత్ సర్టిఫికెట్. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. మీ గ్రామ పంచాయతీ కార్యదర్శి దీన్ని సరిచేయలేరు. సర్టిఫికెట్ మీద రిజిస్ట్రార్‌గా ఎవరున్నారో చూసి అక్కడికే వెళ్లండి. ఆసుపత్రి నగర పరిధిలో ఉంటే మామూలుగా అది నగర పాలక సంస్థ అవుతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద తప్పుగా పడిన నమోదును సరిచేసే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. పాత నమోదును కొట్టేయరు. పక్కన మార్జిన్‌లో సరైన పేరు రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. దీనికి విషయం స్వయంగా తెలిసిన ఇద్దరు నమ్మకస్తులు తప్పేమిటో, నిజమేమిటో చెబుతూ డిక్లరేషన్ ఇవ్వాలి. మీరూ మీ అమ్మా కాకుండా బయటివాళ్లయితే దానికి బలం ఎక్కువ. బాపుతో పనిచేసిన హెడ్‌మాస్టర్ ఒకరు, ఊరి పెద్దమనిషి ఒకరు అయితే మంచిది.

కానీ దానికి ముందు ఆసుపత్రికి వెళ్లండి. తప్పు మొదట పడింది అక్కడే కావచ్చు. రాత్రిపూట క్యాజువాలిటీలో ఎవరో హడావిడిగా పేరు చెబుతారు, రాసేవాళ్లకు అది ఎల్లయ్య అని వినపడుతుంది. కేస్ షీట్ మీద, తర్వాత మరణ నివేదిక మీద, చివరకు సర్టిఫికెట్ మీద అదే నడుస్తుంది. కేస్ షీట్ నకలు తీసుకోండి. అందులో వయసు, ఊరు, తోడు వచ్చినవారి పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్ మీదైతే, చేరింది మీ బాపే అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పేరు పొరపాటుగా నమోదైందని ఆసుపత్రి నుంచి ఒక లేఖ తీసుకోగలిగితే రిజిస్ట్రార్ దగ్గర పని సులువవుతుంది.

ఏ స్పెల్లింగ్‌కు మార్పించాలి? సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నదానికే, అంటే Ailaiah. పింఛను, గ్రాట్యుటీ ఇచ్చేవాళ్లు చూసేది ఆ రిజిస్టర్‌నే. చాలామంది ఆధార్ ప్రకారం మార్పించి, తర్వాత పింఛను దగ్గర మళ్లీ ఆగిపోతారు.

అలా సరిచేశాక మిగిలేది ఆధార్‌లోని Ilaiah ఒక్కటే. దానికి మీ అమ్మగారు నోటరీ దగ్గర అఫిడవిట్ చేస్తే సాధారణంగా చాలు. మాటలు ఇలా సూటిగా ఉండాలి: "సర్వీస్ రిజిస్టర్‌లో Ailaiah అని, ఆధార్‌లో Ilaiah అని నమోదై ఉన్న వ్యక్తి ఒక్కరే. ఆయన నా భర్త." కింద రెండు కాగితాల్లోని తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాయించండి. పేరు తేడా ఉన్నప్పుడు మనిషిని పట్టించేవి అవే. తండ్రి పేరు కూడా తేడాగా ఉంటే దాచకండి, అదీ రాయండి. టైప్ చేసిన ప్రతిని సంతకానికి ముందు అక్షరం అక్షరం చదవండి. పేరు తేడా సర్దడానికి చేసిన అఫిడవిట్‌లోనే టైపిస్టు నాలుగో స్పెల్లింగ్ కొట్టిన కేసు నా దగ్గరకు వచ్చింది. ఆ కుటుంబం మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకొకటి, అఫిడవిట్ రెండు కాగితాలను కలుపుతుందే గానీ ఏ రికార్డునూ సరిచేయదు. ఎల్లయ్యను అలాగే వదిలేసి ఒక్క అఫిడవిట్‌తో నెట్టుకురావాలని చూడకండి.

ఇక మీసేవలో మళ్లీ దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ ఇచ్చేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మనవాళ్లు దాన్నే లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అంటారు. సవరించిన డెత్ సర్టిఫికెట్, అఫిడవిట్, సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీ నకలు, కుటుంబ సభ్యులందరి ఆధార్ జతచేయండి. పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్ల పేర్లు తప్పక రాయాలి, వాళ్లూ వారసులే. గిర్దావర్ విచారణకు వచ్చినప్పుడు చుట్టుపక్కల వాళ్లను అడుగుతారు. మీ వాడలో, బంధువుల్లో నిజంగా ఎల్లయ్య అనే మనిషి ఉంటే ఆ మాట మీరే ముందు చెప్పండి. ఆయన బతికుంటే ఆయన్నే పిలిచి చూపించండి.

ఈలోగా అమ్మగారి పేరు కూడా చూసుకోండి. సర్వీస్ రిజిస్టర్‌లో సరోజన అని, ఆధార్‌లో సరోజ అని ఉండే కేసులు నేను తరచూ చూస్తుంటాను. ఆమె ఉన్నారు కాబట్టి ఆధార్, బ్యాంకు ఖాతా ఇప్పుడే సరిచేసుకోవచ్చు.

మీ ఉద్యోగం సంగతికి గడువుంది. కారుణ్య నియామకానికి మరణించిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. మీకు ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకండి. ఉన్న కాగితాలతోనే ఈ వారం బాపు పనిచేసిన కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, పేరు సవరణ నడుస్తోందని అందులోనే రాసి, తేదీతో రసీదు తీసుకోండి.

కోర్టు ఎప్పుడంటే, రిజిస్ట్రార్, ఆ తర్వాత అప్పీలులో జిల్లా రిజిస్ట్రార్ కూడా పేరు సరిచేయడానికి ఒప్పుకోనప్పుడు, లేదా వారసుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడు. అప్పుడు సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలి. దానికి కాలం పడుతుంది, ఖర్చూ ఉంటుంది. అందుకే ఎవరు తిరస్కరించినా కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. దావాకు ఆ కాగితమే ఆధారం. నోటిమాటగా "కాదు" అన్నారని చెబితే కోర్టులో చూపడానికి ఏమీ ఉండదు.