వీడ్కోలు సభలో విన్న రెండు వేల మాట: 39 ఏళ్ల గుమాస్తాకు లెక్క ఎలా కుదురుతుంది?

ప్రశ్న: సార్, నాకు 39 ఏళ్లు. ఒంగోలులో ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాను. ఈ మధ్య కావలిలో ఒక ప్రభుత్వ ఆఫీసు పెద్ద గుమాస్తా గారి వీడ్కోలు సభకు వెళ్లాను. ఆయన లేచి, "నేనేం పెద్ద జీతగాణ్ణి కాదబ్బయా. నెలకు రెండు వేలు పీపీఎఫ్‌లో వేసినా, ఒక్క నెల తప్పలా. ఇయ్యాల బెంగ లేకుండా ఇంటికి పోతుండా" అన్నారు. నేనూ అలాగే చేస్తే 60 ఏళ్లకు సరిపోతుందా?

జవాబు: పద్ధతి సరైనదే, రెండు వేలు మాత్రం మీకు చాలవు. ఆయన ధీమాలో పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకం ఒక భాగమే. రాష్ట్ర ప్రభుత్వంలో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన వారికి పాత పింఛను వస్తుంది. ఆయన ఆ కోవలోని వారైతే నెల ఖర్చు పింఛను చూసుకుంటుంది, పీపీఎఫ్ సొమ్ము వెనకదన్నుగా ఉంటుంది. మీ విషయంలో నెల ఖర్చు భారం చాలావరకు పొదుపు మీదే పడుతుంది. పైగా ఆయన వేసిన రోజుల్లో వడ్డీ ఎక్కువ. 2003 నుంచి 2011 చివరిదాకా 8 శాతం ఉండేది, 2012-13లో 8.8 దాకా వెళ్లింది. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతమే ఇస్తున్నారు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లంటారు గానీ, ఆ లెక్క ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాకే మొదలవుతుంది. ఏప్రిల్‌లో తెరిస్తే 16 ఏళ్లు వేయగలుగుతారు. ఆపైన ఒక్క అయిదేళ్లు పొడిగిస్తే 21 ఏళ్లు, అంటే మీకు 60 వచ్చేసరికి సరిగ్గా సరిపోతుంది. నెలకు రెండు వేలు, 7.1 శాతం అలాగే ఉంటుందనుకుంటే, 16 ఏళ్లకు సుమారు 7 లక్షలు, 21 ఏళ్లకు 11.3 లక్షలు అవుతాయి. ఆ చివరి అయిదేళ్లలో మీరు వేసేది 1.2 లక్షలే, పెరిగేది 4.3 లక్షలు. అందుకే 16 ఏళ్లకే డబ్బు తీసుకుని స్థలం కొందామనే ఆలోచన రానీయకండి.

11.3 లక్షలను 60 ఏళ్లకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో పెడితే, ఇప్పటి 8.2 శాతం ప్రకారం మూడు నెలలకోసారి 23 వేల చిల్లర చేతికొస్తుంది. నెలకు 7,700 పడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాతి ధరలకు అది మందులకూ కరెంటు బిల్లుకూ వస్తుందేమో, ఇల్లు మాత్రం గడవదు.

కాబట్టి ప్రతి ఏప్రిల్‌లో నెలసరి మొత్తాన్ని 500 పెంచండి. మొదటి ఏడాది రెండు వేలు, రెండో ఏడాది రెండున్నర వేలు, ఇలా 21వ ఏడాదికి నెలకు 12 వేలకు చేరుతుంది. అప్పటికీ ఏడాదికి 1,44,000 మాత్రమే, అంటే పీపీఎఫ్‌లో ఏడాదికి వేయగలిగే 1.5 లక్షల పరిమితి దాటదు. మొత్తం మీరు వేసేది 17.6 లక్షలు, చేతికొచ్చేది దాదాపు 32.7 లక్షలు. సీనియర్ సిటిజన్ పథకంలో ఒకరు పెట్టగలిగే గరిష్ఠం 30 లక్షలు. దానిపై ఇప్పటి రేటున మూడు నెలలకు 61,500 వస్తుంది. ఈ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, మీరు డిపాజిట్ చేసిన రోజున ఉన్న రేటు అయిదేళ్లూ మారదు. పీపీఎఫ్ వడ్డీకి పన్ను లేదు, దీని వడ్డీ మాత్రం మీ ఆదాయంలో కలుస్తుంది.

పీపీఎఫ్ వడ్డీ లెక్కలో అయిదో తేదీ కీలకం. నెలలో అయిదో తేదీ ముగిశాక, నెలాఖరు లోపల ఉన్న కనిష్ఠ నిల్వకే ఆ నెల వడ్డీ కడతారు. ఆరో తేదీన వేస్తే ఆ సొమ్ముకు ఆ నెల వడ్డీ రానట్టే. రెండు వేల లెక్కన 21 ఏళ్లూ ఆలస్యంగా వేస్తే చివరికి 6,400 దాకా తగ్గుతుంది. మీకు జీతం ఏడో తేదీన పడుతుంటే తొందరపడకండి. ఆ రోజు డబ్బు పొదుపు ఖాతాలో పక్కన పెట్టి, మరుసటి నెల రెండో తేదీకి దానంతటదే పీపీఎఫ్‌లోకి వెళ్లేలా బ్యాంకులో సూచన ఇవ్వండి.

ఇబ్బంది ఉన్న ఏడాది కూడా కనీసం 500 వేయండి. లేకపోతే ఖాతా నిలిచిపోతుంది. తిరిగి తెరవాలంటే తప్పిన ఒక్కో ఏడాదికి 500తో పాటు 50 జరిమానా కట్టాలి. ఏడో ఏడాది నుంచి పాక్షికంగా తీసుకోవచ్చు. అయితే పిల్లల చదువుకో, వైద్యానికో తప్పదనుకున్నప్పుడే తీయండి. ఎనిమిదో ఏడాది చివర 50 వేలు తీస్తే, 60 ఏళ్లకు మీ చేతికి 1.2 లక్షలు తక్కువ వస్తాయి.

చాలామంది దెబ్బతినేది గడువు ముగిసినప్పుడు. పొడిగింపు దరఖాస్తు, అంటే ఫారం 4, ఇవ్వకుండానే ఎప్పటిలా డబ్బు వేసుకుంటూ పోతారు. పాస్‌బుక్‌లో జమ కనిపిస్తుంది, ఆ కొత్త జమలకు వడ్డీ మాత్రం రాదు. గడువు తీరిన నాటి నుంచి ఏడాది లోపల ఆ ఫారం ఇవ్వాలి. 16వ ఏడాది మార్చి 31 దాటాక, ఏప్రిల్ మొదటి వారంలోనే పాస్‌బుక్ పట్టుకెళ్లి ఇచ్చేసి, రసీదు తీసుకుని, దాన్ని పాస్‌బుక్‌లోనే పెట్టుకోండి.