కీ తప్పా, నా లెక్క తప్పా?

ప్రశ్న: ప్రవేశ పరీక్ష ప్రాథమిక కీ వచ్చింది. గణితంలో కొన్ని జవాబులు తప్పుగా ఇచ్చారని నాకు అనిపిస్తోంది. నిపుణులు తయారుచేసిన కీని తప్పు పట్టడం నా అతివిశ్వాసమేమో అని భయంగా ఉంది. రుసుము కట్టి అభ్యంతరం చెప్పమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఇదే సందేహంతో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కీని ప్రింట్ తీసి, మూడు ప్రశ్నల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టుకుని తెచ్చింది. ముందుగా నేను అడిగింది ఒక్కటే: ‘ఈ కీ నీ ప్రశ్నపత్రం సెట్‌దేనా?’ సెట్ మారితే ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస మారిపోతాయి. ఏటా కొందరు విద్యార్థులు ఇక్కడే పొరబడి, లేని తప్పు కోసం నిద్ర పోగొట్టుకుంటారు. ఆమె సెట్ సరిగానే ఉంది.

మొదటి సున్నా వెంటనే చెరిగిపోయింది. ప్రశ్నలో ‘సరికానిది గుర్తించండి’ అని ఉంటే ఆమె సరైనదాన్ని గుర్తించింది. రెండోది, |sin x| ఆవర్తనం ఎంత అన్న ప్రశ్న. ఆమె 2π పెట్టింది, కీలో π ఉంది. ‘2π కూడినా ప్రమేయం విలువ మారదు కదా, నా జవాబు ఎలా తప్పవుతుంది?’ అని గట్టిగానే వాదించింది. మాట నిజమే. కానీ ఆవర్తనం ఎంత అని అడిగితే అతి చిన్న ధన ఆవర్తనం చెప్పాలన్నది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన సంప్రదాయం. పుస్తకం తీసి నిర్వచనం చదివాక, ఆ సున్నాను తానే కొట్టేసింది.

మూడోది మిగిలింది. √(x+7) = x − 5 సమీకరణానికి ఎన్ని వాస్తవ మూలాలు? ఆమె 1 పెట్టింది, కీలో 2 ఉంది. తెల్లకాగితం ఇచ్చి మళ్లీ చేయమన్నాను. ఇరువైపులా వర్గం చేస్తే x² − 11x + 18 = 0 వచ్చింది. దాని మూలాలు 9, 2. కీ తయారుచేసినవారు ఇక్కడే ఆగి ఉండాలి. ఆమె ఆగలేదు, రెండింటినీ మొదటి సమీకరణంలో పెట్టి చూసింది. x = 9 అయితే ఎడమవైపు √16, అంటే 4. కుడివైపూ 4. x = 2 అయితే ఎడమవైపు √9, అంటే 3. కుడివైపు −3. వర్గం చేసినప్పుడు 3కీ −3కీ ఒకే విలువ వస్తుంది కాబట్టి, లేని మూలం ఒకటి వచ్చి చేరింది.

అంతలోనే ఆమెకు మళ్లీ అనుమానం వచ్చింది: ‘9కి −3 కూడా వర్గమూలమే కదండీ?’ చాలా మంచి అనుమానం. అవతలివారు అడగబోయేది కూడా అదే. 9కి వర్గమూలాలు రెండు, కానీ √ గుర్తు వాటిలో రుణాత్మకం కానిదాన్నే సూచిస్తుంది. రెండో ప్రశ్నలో ఆమెకు ఎదురు తిరిగిన సంప్రదాయమే ఇక్కడ ఆమె పక్షాన నిలబడింది. తనకు నచ్చని చోట కూడా నిర్వచనాన్ని ఒప్పుకుంది కనుక, ఇక్కడ ఆమె పట్టుదలను నేను అతివిశ్వాసం అనుకోలేదు.

ఇక లాభనష్టాలు. ఆ పరీక్షలో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. కీ మారితే పోయిన 1 తిరిగి వచ్చి 4 చేరుతాయి, మొత్తం తేడా 5. అభ్యంతరం వీగిపోతే ఆ ప్రశ్నకు కట్టిన రుసుము పోవచ్చు, మార్కులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ‘ఇంకెవరో ఒకరు పెడతారులే’ అని స్నేహితురాలు అన్నదట. ఆ ధీమా నాకు నచ్చదు. అందరూ అలాగే అనుకుంటే గడువు దాటిపోతుంది, తుది కీ వచ్చాక సాధారణంగా అభ్యంతరాలు తీసుకోరు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని అభ్యంతరం రాశాం. మొదటి ముసాయిదాలో ‘ఇంత సులభమైన ప్రశ్నకు తప్పు కీ ఇవ్వడం అన్యాయం’ అని రాసింది, ఆ వాక్యం తీసేయించాను. సెట్, ప్రశ్న సంఖ్య, కీలో ఉన్న జవాబు, ఉండాల్సిన జవాబు, రెండు విలువలనూ పెట్టి చూసిన ఆ నాలుగు వరుసలు, √ గుర్తు నిర్వచనం ఉన్న పాఠ్యపుస్తకం పేజీ ఫొటో: ఇంతే పంపింది.

మీరూ ఈ రాత్రికి ఒక పని చేయండి. కీలో ఉన్న జవాబే సరైనదని నిరూపించడానికి నిజాయితీగా ప్రయత్నించండి. అది ఎక్కడ, ఏ మెట్టు దగ్గర విరిగిపోతోందో వేలు పెట్టి చూపగలిగితే రుసుము కట్టండి. చూపలేకపోతే ఆ ప్రశ్నను వదిలేయండి. ఆ అమ్మాయి విషయంలో, తుది కీలో 2 పోయి 1 వచ్చింది.