క్వాంటం ఈల్డ్ సగమే వస్తోంది, ఎక్కడ తేడా?

ప్రశ్న: "366 నానోమీటర్ల కాంతి, సెల్ దగ్గర పవర్ మీటర్‌లో 2 మిల్లీవాట్లు, 10 నిమిషాలు వెలిగించా. అబ్జార్బెన్స్ 0.30. ద్రావణం 3 మిల్లీలీటర్లు, 5 మిల్లీమోలార్. ప్రొడక్ట్ 1.1 మైక్రోమోల్. క్వాంటం ఈల్డ్ 0.30 వస్తోంది, ఉండాల్సింది 0.6 దగ్గర. ఎందుకు?"

క్వాంటం ఈల్డ్ అంటే పీల్చుకున్న ఒక్కో ఫోటాన్‌కు ఎంత ప్రొడక్ట్ వచ్చిందన్న లెక్క. మీరు సెల్ మీద పడిన కాంతి మొత్తంతో భాగించారు. భాగించాల్సింది ద్రావణం పీల్చుకున్న కాంతితో మాత్రమే. అటు నుంచి బయటికి వెళ్ళిపోయిన ఫోటాన్లకు రియాక్షన్‌తో సంబంధం లేదు.

ముందు పడిన కాంతి లెక్క చూద్దాం. 2 మిల్లీవాట్లు, 600 సెకన్లు అంటే 1.2 జౌళ్ళు. 366 నానోమీటర్ల దగ్గర ఒక మోల్ ఫోటాన్ల శక్తి సుమారు 327 కిలోజౌళ్ళు. భాగిస్తే 3.67 మైక్రోమోల్ ఫోటాన్లు. ఇప్పుడు పీల్చుకున్న భాగం:

```
1 − 10^(−0.30) = 0.50
3.67 × 0.50 = 1.83
Φ = 1.1 / 1.83 = 0.60
```

రియాక్షన్ నడిచేకొద్దీ అబ్జార్బెన్స్ కూడా తగ్గుతుంది. మీ సెల్‌లో మొదట ఉన్నది 15 మైక్రోమోల్, అందులో మారింది 7 శాతం చిల్లర. కాబట్టి ఆ తేడా చిన్నదే. 10 శాతం దాటిందంటే మాత్రం మొదటి అబ్జార్బెన్స్‌ను నమ్మలేం. ప్రొడక్ట్ కూడా అదే తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటే ఇంకా ముందే ఆపాలి.

ఇక ఆ 2 మిల్లీవాట్ల సంగతి. నేను హనుమకొండలో పీజీ ల్యాబ్‌లో ఈ ప్రయోగాలు చేయిస్తాను. ఎండాకాలంలో వోల్టేజ్ ఎక్కువతక్కువలైతే లాంప్ వెలుగు కూడా మారిపోతుంది. మీటర్ చూసిన క్షణంలో ఉన్న పవరే పది నిమిషాలూ ఉందనుకోవడానికి లేదు. పైగా సెల్ గోడ మీద కొంత కాంతి తిరిగిపోతుంది, అది మీటర్‌కు తెలియదు. అందుకే కాంతిని కొలవడానికి నేను ఫెర్రిఆక్సలేట్ అనే ఇనుప లవణాన్నే నమ్ముతాను. ఆ ఆకుపచ్చ స్ఫటికాలను పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0.006 మోలార్‌గా కరిగించి, అదే సెల్‌లో, అదే చోట వెలిగించండి. 366 దగ్గర అది వచ్చిన కాంతిని దాదాపు అంతా పీల్చేస్తుంది, దాని క్వాంటం ఈల్డ్ 1.21. తర్వాత బఫర్, ఫెనాంత్రోలిన్ కలిపితే ఎర్ర నారింజ రంగు వస్తుంది. దాన్ని 510 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఎంత ఫెర్రస్ ఇనుము పుట్టిందో, దాన్నిబట్టి ఎంత కాంతి పడిందో తెలుస్తుంది. మీ లాంప్ నిజంగా 2 మిల్లీవాట్లే ఇస్తుంటే 3 నిమిషాల్లో 1.33 మైక్రోమోల్ ఫెర్రస్ రావాలి.

ఇదంతా ఎర్ర బల్బు వెలుగులోనే చేయండి, ట్యూబ్‌లైట్ కూడా ఫెర్రిఆక్సలేట్‌ను చెడగొడుతుంది. వెలిగించని నమూనాకు కూడా ఫెనాంత్రోలిన్ కలిపి చూసి, దాని రీడింగ్‌ను తీసేయండి. మీ ప్రయోగానికి ముందొకసారి, అయ్యాక ఒకసారి ఇలా లాంప్ కాంతిని కొలవండి. రెండూ దగ్గరగా ఉంటే సగటు వాడుకోవచ్చు. బాగా తేడా ఉంటే లాంప్‌ను స్టెబిలైజర్ మీద పెట్టి మళ్ళీ చేయండి.