బీట్‌రూట్ జ్యూస్ తాగినా బీపీ ఎందుకు తగ్గలేదు?

"నెల రోజులుగా రోజూ పొద్దున్నే బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నాను. బీపీలో తేడా లేదు, మెట్లెక్కితే ఆయాసం కూడా తగ్గలేదు. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎంత తాగాలి, ఎప్పుడు తాగాలి?"

ముందు ఒక్క మాట చెప్పండి. మీరు పళ్ళు తోముకున్నాక మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తారా? ఇలా అడగడానికి కారణం ఉంది. నాకూ సరిగ్గా మీలాగే ఆరు వారాలు వృథాగా పోయాయి.

మాది విశాఖ. నాకు 54 ఏళ్ళు, బీపీకి టెల్మిసార్టన్ 40 రోజూ వేసుకుంటాను. టాబ్లెట్ వేసుకుంటున్నా పై నంబరు 140 దగ్గరే ఆగిపోయేది. ఆదివారాలు సింహాచలం తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి మెట్ల దారిన పైకి ఎక్కుతాను. వెయ్యికి పైగా మెట్లు. సగం దాటాక గుండె దడదడలాడి రెండు మూడు చోట్ల కూర్చోవాల్సి వచ్చేది. బీట్‌రూట్ గురించి చదివి జ్యూస్ మొదలుపెట్టాను. ఆరు వారాల తర్వాత నోట్‌బుక్ తీసి చూస్తే సగటు 141/88. మొదలుపెట్టినప్పుడు 142/88.

విజయనగరంలో ఉండే మా అక్క కూతురు డాక్టర్. ఫోన్లో ఈ సంగతి చెప్తే వెంటనే అడిగింది, "మావయ్యా, పుక్కిలించే మందేమైనా వాడుతున్నావా?" వాడుతున్నాను. అంతకుముందు చిగుళ్ళకి వైద్యం చేయించుకున్నప్పుడు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు వాడమన్నారు. నోరు హాయిగా ఉందని నేనే మూడు నెలలు కొనసాగించాను.

దానికీ బీట్‌రూట్‌కీ సంబంధం ఏమిటంటే, బీట్‌రూట్‌లో ఉన్న నైట్రేట్ దానంతట అదే బీపీని తగ్గించదు. మింగాక పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది. అందులో పావు వంతు దాకా లాలాజల గ్రంథులు లాక్కుని, చిక్కబరిచి మళ్ళీ నోట్లోకే వదులుతాయి. నాలుక వెనక భాగంలో మడతల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మనిషి శరీరానికి ఆ పని సొంతంగా అంత బాగా చేతకాదు, ఆ సూక్ష్మజీవులే చేయాలి. ఆ లాలాజలం మింగితే నైట్రైట్ లోపల నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాల గోడలను సడలిస్తుంది. అప్పుడు బీపీ దిగుతుంది. అంటే జ్యూస్ ఒకసారి గొంతు దిగాక, దాని పని మళ్ళీ నాలుక మీద మొదలవుతుంది.

2008లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులకు అర లీటరు జ్యూస్ ఇచ్చి చూశారు. రెండున్నర, మూడు గంటల్లో పై నంబరు దాదాపు 10 పాయింట్లు తగ్గింది. జ్యూస్ తాగాక లాలాజలం మింగకుండా ఉమ్మేయమన్నప్పుడు మాత్రం ఆ తగ్గుదల రాలేదు. నా మౌత్‌వాష్ చేస్తున్నది కూడా అదే పని, ఆ బ్యాక్టీరియాని రోజూ చంపేస్తోంది.

డెంటిస్టుని అడిగి, ఇక అవసరం లేదన్నాక మౌత్‌వాష్ ఆపేశాను. మిగతావన్నీ అలాగే ఉంచాను. అదే టాబ్లెట్, అంతే ఉప్పు, అదే జ్యూస్. పన్నెండు రోజులు గడిచాక వారం సగటు 135/84 వచ్చింది. అది నిజంగా దీనివల్లేనా అని తేల్చుకోవడానికి జ్యూస్ మూడు వారాలు ఆపాను. మళ్ళీ 140కి వచ్చింది. తిరిగి మొదలుపెడితే దిగింది. ఒక్క మనిషి లెక్క కాబట్టి అందరికీ ఇంతే తగ్గుతుందని చెప్పను. అయితే 2015లో అదే లండన్ వాళ్ళు 68 మంది బీపీ రోగుల మీద నాలుగు వారాలు చేసిన పరీక్షలో, రోజుకు 250 మి.లీ. తాగినవాళ్ళకి క్లినిక్‌లో కొలిచిన పై నంబరు సగటున 8 పాయింట్ల దాకా తగ్గింది. నైట్రేట్ తీసేసిన బీట్‌రూట్ జ్యూస్ తాగినవాళ్ళకి తగ్గలేదు. ఆపేశాక రెండు వారాల్లో తగ్గింది తిరిగి వచ్చేసింది. కాబట్టి ఇది తాగుతున్నన్నాళ్ళే.

నాలుక బద్దతో గీసుకునే అలవాటుంటే మానక్కర్లేదు, నేనూ మానలేదు. గీతకి అందని మడతల్లో ఆ బ్యాక్టీరియా చాలానే మిగిలి ఉంటుంది.

ఎంత తాగాలంటే, ఆ పరీక్షలో రోజుకి అందిన నైట్రేట్ దాదాపు 400 మిల్లీగ్రాములు. దుంపల్లో మాత్రం అది ఒకే రకంగా ఉండదు. చాలా దుంపల్లో కిలోకి గ్రాముకి పైనే ఉంటుంది, కొన్నిట్లో అందులో సగం కూడా ఉండదు. రంగు చూసి లెక్క కట్టొద్దు, ఆ ఎరుపు వేరే పదార్థం. నేను పచ్చి దుంప 250 గ్రాములు తురిమి, కొద్దిగా నీళ్ళతో మిక్సీలో వేసి వడకట్టకుండా తాగుతాను. వడకడితే పీచు పోయి చక్కెర తొందరగా ఎక్కుతుంది, షుగరున్నవాళ్ళకి అది మంచిది కాదు. ఉడికించి నీళ్ళు పారబోస్తే నైట్రేట్‌లో చాలా భాగం ఆ నీళ్ళతోనే పోతుంది. చేసిన జ్యూస్ బయట గంటల తరబడి ఉంచొద్దు, అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. నెలల పసిపిల్లలకి అసలు పట్టొద్దు.

మెట్ల సంగతికి వస్తే, అక్కడ ఆశ తగ్గించుకోవాలి. 2009లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఎనిమిది మంది యువకులతో ఆరు రోజులు జ్యూస్ తాగించి సైకిల్ తొక్కిస్తే, అలసిపోయి ఆగేవరకూ తొక్కిన సమయం 16 శాతం పెరిగింది. పెద్ద అంకెలా ఉంటుంది. అయితే అది "ఎంతసేపు ఓర్చుకోగలడు" అన్నదాని కొలత. "అదే దూరాన్ని ఎంత త్వరగా చేరతాడు" అని కొలిస్తే లాభం ఒకటి నుంచి మూడు శాతమే. నాకు తొలిపావంచా నుంచి పైదాకా 26 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 25 పడుతోంది. మధ్యలో ఒక్కచోటే కూర్చుంటున్నాను. తేడా ఇలాగే ఉంటుంది, అదే పని కాస్త తక్కువ ఆక్సిజన్‌తో సాగుతుంది. ఎక్కడానికి రెండున్నర గంటల ముందు తాగాలి. మెట్ల మొదట్లో తాగితే ఆ రోజుకి ఉపయోగం ఉండదు.

మీరు బీపీ చూసుకునేది ఏ సమయానికి? పొద్దున్న జ్యూస్ తాగకముందు చూస్తే, గట్టిగా పనిచేసే సమయం మీకు కనిపించదు. తాగాక మూడు గంటలకి ఐదు నిమిషాలు కూర్చుని, రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. రెండు వారాలు మౌత్‌వాష్ లేకుండా చేసి చూడండి. చిగుళ్ళ వైద్యం నడుస్తుంటే మాత్రం డెంటిస్టుని అడక్కుండా ఆపొద్దు.

బీపీ టాబ్లెట్ మీరే తగ్గించుకోకండి. నాకు 135 వచ్చినా డాక్టర్ తగ్గించలేదు. గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు, నిలబడితే కళ్ళు తిరిగేవాళ్ళు ముందు అడిగి మొదలుపెట్టాలి. కిడ్నీ రాళ్ళున్నవాళ్ళకి దీని ఆక్సలేట్, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి దీని పొటాషియం ఇబ్బంది. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి, పదిమందిలో ఒకరికి అలా వస్తుంది. రెండు రోజులు బీట్‌రూట్ ఆపినా ఎరుపు పోకపోతే అది దుంప రంగు కాదు, వెంటనే చూపించుకోండి.